మహిళల కబడ్డీ ఫైనల్ వార్త ఎలా రాయాలి? జిల్లా పేజీకి రాసేవాళ్ల కోసం

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ దిక్కు మండలాల నుంచి జిల్లా పేజీకి వార్తలు పంపే కొత్త విలేకరులు తరచూ ఒకటే మాట అడుగుతుంటారు: "అన్నా, ఆడపిల్లల మ్యాచ్ గురించి మంచిగనే రాసిన. పొద్దున పీడీ మేడం ఫోన్ చేసి ఇదేం రాత అని గరమైంది. తప్పు యాడుంది?"

ఆ వార్త తెప్పించుకుని చదివితే తిట్టు కనిపించదు, వెక్కిరింపు కనిపించదు. అంతా పొగడ్తే ఉంటుంది. లేనిదల్లా ఆట. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో, మ్యాచ్ ఎక్కడ తిరిగిందో ఉండదు. పక్క కాలమ్‌లో పురుషుల ఫైనల్ వార్తలో మాత్రం అవన్నీ ఉంటాయి. మేడం కోపం అందుకే.

మన దగ్గర ఎక్కువగా జరిగేది కబడ్డీ కాబట్టి దాన్నే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక వార్త రాసి చూద్దాం. కింద ఉన్నది అభ్యాసం కోసం నేను కల్పించిన మ్యాచ్. భాష మాత్రం కల్పితం కాదు, ఇలాంటి కాపీ డెస్కుకు వస్తూనే ఉంటుంది.

సరిచేయాల్సిన వార్త

> ఆడపులుల పంజా!
> నల్లగొండ టౌన్: అమ్మాయిలు సైతం కబడ్డీలో అబ్బాయిలకు ఏమాత్రం తీసిపోమని నిరూపించారు. జిల్లా కేంద్రంలో ఆదివారం జరిగిన మహిళల కబడ్డీ పోటీలు ప్రేక్షకులను ఆద్యంతం అలరించాయి. ముఖ్య అతిథిగా హాజరైన ఎమ్మెల్యే మాట్లాడుతూ మహిళలు అన్ని రంగాల్లో రాణించాలన్నారు. క్రీడలతో మానసికోల్లాసం కలుగుతుందని పేర్కొన్నారు. కేవలం 30 నిమిషాల మ్యాచే అయినా ఫైనల్ ఉత్కంఠగా సాగింది. దేవరకొండ జట్టు మిర్యాలగూడపై గెలిచి సత్తా చాటింది. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రుల కూతురైన ఓ రైడర్ అందరినీ ఆకట్టుకుంది. కార్యక్రమంలో కౌన్సిలర్లు, పీడీలు, పీఈటీలు తదితరులు పాల్గొన్నారు.

స్కోరు లేదు. ఆడినవాళ్లలో ఒక్కరి పేరు కూడా లేదు. పీఈటీలు "పాల్గొన్నారు", పద్నాలుగు మంది ఆడినవాళ్లు మాత్రం "అలరించారు".

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు జట్ల ఎంట్రీ ఫారాల ఫోటో. జెర్సీ నంబర్లు, పేర్లు అందులోనే ఉంటాయి. మ్యాచ్ మొదలుకాకముందే టీమ్ మేనేజర్‌ను అడిగి తీసుకోండి. మ్యాచ్ అయ్యాక బస్సు తొందరలో ఎవరూ దొరకరు.
- స్కోరర్ దగ్గరున్న స్కోర్ షీట్ ఫోటో. చివరి స్కోరు, సగం ఆటకు స్కోరు, లోనాలు ఎన్నో, అంటే జట్టంతా ఎన్నిసార్లు ఆలౌటైందో, ఇందులో చూసుకోవచ్చు.
- మీ సొంత నోట్‌బుక్. స్థానిక పోటీల్లో ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో షీట్‌లో విడిగా రాయకపోవచ్చు. అది మీరే రాసుకోవాలి.
- మీ పత్రికలోనే ఈమధ్య వచ్చిన పురుషుల కబడ్డీ ఫైనల్ వార్త ఒకటి. ఆఖర్న సరిచూసుకోవడానికి ఇదే కొలబద్ద.

1. లైన్ పక్కన కూర్చుని కూత కూతకూ రాసుకోండి

భాష సంగతి తర్వాత. సమాచారం లేనివాడికే "ఆకట్టుకుంది", "మెరిసింది" అవసరమవుతాయి. చేతిలో పాయింట్ల లెక్క ఉంటే ఆ మాటలు వాటంతటవే పోతాయి.

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేయండి, జట్టుకు ఒక వైపు. ప్రతి కూతకు ఒక గీత: కూతకు వెళ్లినామె జెర్సీ నంబరు, ఏమైంది, ఎవరు పట్టారు. "7 – 1+బో" అంటే ఏడో నంబరు ఒకరిని తాకి బోనస్ గీత కూడా దాటింది. "9 – పట్టు (4)" అంటే అవతలి తొమ్మిదో నంబరును మన నాలుగో నంబరు పట్టేసింది. ఉత్త చేతులతో తిరిగొస్తే సున్నా. కూతకు గరిష్ఠంగా 30 సెకన్లు, కాబట్టి చేతిరాతకు సమయం సరిపోతుంది. ఐదు నిమిషాలకోసారి స్కోరును పక్కన రాసి చుట్టూ గుండ్రంగా గీయండి. మ్యాచ్ ఎక్కడ తిరిగిందో ఆ గుండ్రాలే చెప్తాయి.

మైదానానికి పోలేకపోతే? పీడీకి గాని, పీఈటీకి గాని ఫోన్ చేసి నాలుగే అడగండి: సగం ఆటకు స్కోరెంత, లోనా ఎప్పుడు పడింది, ఎక్కువ పాయింట్లు ఎవరివి, ఎక్కువ పట్లు ఎవరివి. "ఎట్ల ఆడిన్రు మేడం?" అని అడిగితే "మస్తు ఆడిన్రు" అనే వస్తుంది. దాంతో వార్త రాయలేరు.

2. మొదటి వాక్యంలో గెలిచిన జట్టు, స్కోరు, ఓడిన జట్టు

అతిథులు అక్కడ వద్దు. స్త్రీ శక్తి అక్కడ వద్దు. ఇంట్రో ఇలా ఉంటే చాలు: "జిల్లా మహిళల కబడ్డీ టైటిల్‌ను దేవరకొండ గెలుచుకుంది. ఆదివారం ఫైనల్లో 31–28తో మిర్యాలగూడను ఓడించింది."

తెలుగులో మనకొక వెసులుబాటు ఉంది. "జట్టు" అనగానే పురుషులదైనా మహిళలదైనా క్రియ "గెలిచింది", "ఓడించింది" అనే వస్తుంది. జట్టును కర్తగా పెట్టి రాస్తే సగం చిక్కులు తీరిపోతాయి. "అమ్మాయిలు గెలిచారు" అని మొదలుపెడితే మిగతా వార్తంతా ఆ బాటనే పోతుంది.

ఎమ్మెల్యే పేరు రాయకపోతే ఊరుకోరు కదా అంటారు. నిజమే, జిల్లా పేజీలో అది తప్పదు. ఆఖరి పేరాలో ఒక్క వాక్యం: "విజేతలకు ఎమ్మెల్యే ట్రోఫీ అందజేశారు." ఉపన్యాసం వద్దు. అతిథుల జాబితా బాగా పెద్దదైతే విడిగా చిన్న వార్త చేయండి. ఫైనల్ కడుపులో కుక్కకండి.

3. "మహిళల" అన్న గుర్తు రెండు వైపులా పెట్టండి, లేదా రెండు వైపులా తీసేయండి

ఒకే పేజీలో "కబడ్డీ విజేత సూర్యాపేట" అనీ, దాని పక్కనే "మహిళల కబడ్డీ విజేత దేవరకొండ" అనీ శీర్షికలు వస్తే అసలు కబడ్డీ ఒకటి, పక్క కబడ్డీ ఇంకొకటి అని చెప్పినట్టే. శీర్షికపైన చిన్న అక్షరాల వరుస ఉంటుంది కదా, ఈ గుర్తును అక్కడికి పంపండి. ఒకదానిపై "జిల్లా పురుషుల కబడ్డీ", ఇంకొకదానిపై "జిల్లా మహిళల కబడ్డీ". కింద శీర్షికలు సమానంగా "సూర్యాపేటకు టైటిల్", "దేవరకొండదే టైటిల్".

గుర్తు పూర్తిగా మాయం చేయడం కూడా తప్పే. ఎవరి మ్యాచో చదివేవాడికి మొదటి వాక్యంలోనే తెలియాలి. ఒక్కసారి చెప్పాక మళ్లీ మళ్లీ "మహిళా రైడర్", "మహిళా కెప్టెన్", "మహిళా కోచ్" అక్కర్లేదు. అది మహిళల మ్యాచ్ అని చెప్పాక రైడర్ రైడరే.

వయసు చూసుకోండి. స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17 అయితే "బాలికల విభాగం", దాని పక్కన "బాలుర విభాగం". ఓపెన్ టోర్నీలో ఆడేవాళ్లు పెద్దవాళ్లు, అక్కడ "మహిళలు". పాతికేళ్ల కెప్టెన్‌ను "అమ్మాయి" అనేవాళ్లం, అదే వయసు పురుషుల కెప్టెన్‌ను "అబ్బాయి" అంటామా? మాటల్లో "మన పిల్లలు గెలిచిన్రు" అంటే అది ప్రేమ, దాన్ని నేను కాదనను. అచ్చులో మాత్రం రెండు జట్లకూ ఒకే మాట.

4. కూడా, సైతం, దీటుగా, తీసిపోని, కేవలం: ఈ ఐదింటినీ వెతికి తీయండి

ఎక్కువ మంది పట్టుకోలేని తప్పు ఇదే. "అమ్మాయిలు సైతం కబడ్డీలో రాణిస్తున్నారు" అన్నప్పుడు "సైతం" ఏం చేస్తోంది? రాణించకపోవడమే మామూలు అని చెప్తోంది. "మహిళలూ" అని దీర్ఘం పెట్టినా అదే పని. "పురుషులకు దీటుగా" అన్నప్పుడు మ్యాచ్‌లో లేని మనిషిని తెచ్చి కొలత కర్రగా నిలబెట్టాం. దేవరకొండ ఆడింది మిర్యాలగూడతో. దీటు అయినా కాకపోయినా మిర్యాలగూడకే.

"లేడీ కోహ్లి", "ఆడ సచిన్" కూడా ఈ కోవలోవే. మిథాలీ రాజ్ మహిళల వన్డేల్లో 7,805 పరుగులు చేసి రిటైరైంది. 2017 ప్రపంచ కప్‌కు ముందు ఆమెను ఒక విలేకరి "మీకు ఇష్టమైన పురుష క్రికెటర్ ఎవరు?" అని అడిగితే, "పురుష క్రికెటర్లను వాళ్లకు ఇష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని అడుగుతారా?" అని తిరిగి అడిగింది.

పోలిక లేకుండా రాయలేమంటే ఆ ఆట సొంత చరిత్రలోంచే తెచ్చుకోండి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో భారత్ 52 పరుగుల తేడాతో దక్షిణాఫ్రికాను ఓడించి మహిళల వన్డే ప్రపంచ కప్ గెలిచింది. దాన్ని 1983తో పోల్చడం అందరికీ చేతనవుతుంది. 2005 ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగులతో, 2017లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ చేతిలో 9 పరుగులతో ఓడిన జట్టు మూడో ఫైనల్లో గెలిచిందని రాస్తే ఆ గెలుపు బరువు ఇంకా బాగా తెలుస్తుంది. మన జిల్లా మ్యాచ్‌కూ ఇదే పద్ధతి. పోయినేడు మహిళల ఫైనల్ ఎవరు గెలిచారో పాత పేపర్లో చూసి ఒక వాక్యం రాయండి.

"కేవలం", "మాత్రమే" సంగతి వేరే. కబడ్డీలో కొలతలే వేరుగా ఉంటాయి. చాలాకాలంగా వాడుకలో ఉన్న నిబంధనల ప్రకారం పురుషుల కోర్టు 13 × 10 మీటర్లు, మహిళలది 12 × 8. పురుషులకు సగం ఆట 20 నిమిషాలు, మహిళలకు 15. కొన్ని టోర్నీల్లో మారుస్తున్నారు, కాబట్టి ఆ రోజు ఎంతసేపు ఆడించారో రిఫరీని అడిగి రాయండి. ఇది తెలియనివాళ్లే "పురుషుల ఫైనల్లో 42 పాయింట్లు రాగా మహిళల ఫైనల్లో 31 మాత్రమే వచ్చాయి" అని రాస్తారు. పది నిమిషాల ఆట తక్కువైతే పాయింట్లు తగ్గవా? వాలీబాల్ నెట్ ఎత్తు, షాట్‌పుట్ గుండు బరువు కూడా ఇంతే. కొలత చెప్పాలంటే చెప్పండి, ముందు "కేవలం" మాత్రం పెట్టకండి.

5. క్రియలు, గౌరవం: ఇద్దరికీ ఒకే మెట్టు

దీనిమీద ఎక్కువ గందరగోళం ఉంది. "చేసింది" అని రాస్తే అవమానం కదా, "చేశారు" అని రాయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. పురుషుల వార్తలో "రైడర్ మూడు పాయింట్లు తెచ్చాడు" అని రాస్తే మహిళల వార్తలో "తెచ్చింది" సరిపోతుంది. రెండూ ఒకే మెట్టు. మీ పత్రిక పురుషులకు "తెచ్చారు" అని రాస్తే ఇక్కడా "తెచ్చారు" రాయండి. తేడా వస్తేనే తప్పు.

నేను పాటించేది ఇది: కోర్టులో జరిగినదానికి "తెచ్చింది/తెచ్చాడు", మ్యాచ్ అయ్యాక పెద్దవాళ్లు చెప్పిన మాటకు ఎవరికైనా "అన్నారు". కాపీల్లో తరచూ కనిపించేది ఏంటంటే, కోచ్ సార్ "అన్నారు", ముప్పై ఏళ్ల కెప్టెన్ "చెప్పింది". ఈ ఒక్కటి చూసుకున్నా పెద్ద మార్పే.

రెండో సంగతి క్రియల బలం. పురుషులు "చిత్తు చేశారు", "మట్టికరిపించారు". మహిళలు "మెరిశారు", "అలరించారు", "మురిపించారు". మొదటి జాబితాలో ఎదుటి జట్టు ఉంది, రెండో జాబితాలో చూసేవాళ్లున్నారు. కబడ్డీకి దాని సొంత క్రియలు ఉండనే ఉన్నాయి: కూతకు వెళ్లింది, తాకింది, బోనస్ తెచ్చింది, పట్టింది, లాగింది, బయటికి నెట్టింది, ఆలౌట్ చేసింది. వీటితో రాస్తే ఆడవాళ్లా మగవాళ్లా అన్న ఆలోచనే రాదు. ఆడపులి, శివంగి, నారీశక్తి మీ చేతిలో ఎన్నున్నా పక్కన పెట్టేయండి. పులి పాయింట్లు తేదు.

ఓటమి వార్తలో ఇంకొంచెం జాగ్రత్త. పురుషులు ఓడితే "డిఫెన్స్ విఫలమైంది" అంటాం, మహిళలు ఓడితే "ఒత్తిడికి లోనై కన్నీటిపర్యంతమయ్యారు" అంటాం. మిర్యాలగూడ ఎందుకు ఓడిందో మీ నోట్‌బుక్‌లో ఉంది. అది రాయండి.

క్రికెట్ రాసేవాళ్లకు ఒక మాట: క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ 2021లోనే "బ్యాట్స్‌మన్" తీసేసి "బ్యాటర్" పెట్టింది. పురుషులకైనా మహిళలకైనా ఇప్పుడది ఒకటే మాట. "మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్" బదులు "ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్". కబడ్డీలో రైడర్, కార్నర్, కవర్ ఎలాగూ ఎవరికైనా సరిపోతాయి.

6. ఇంటి సంగతులు ఎప్పుడు, ఎంత

"కూలి పనులు చేసుకునే తల్లిదండ్రుల కూతురు", "ఇద్దరు పిల్లల తల్లి" లాంటివి రాయొద్దని కాదు. మ్యాచ్ వార్తలో వద్దు. ఆమె జీవితం మీద విడిగా ఫీచర్ రాస్తే అక్కడ తప్పకుండా రాయండి, అప్పుడూ ఆమెను అడిగి. మ్యాచ్ వార్తలో రావాలంటే అది ఆ రోజు ఆటను మార్చి ఉండాలి. కాన్పు తర్వాత ఏడాదికి మళ్లీ కోర్టులోకి దిగి పది పాయింట్లు తెచ్చిందంటే అది ఆట వార్తే.

ప్రశ్నలూ అంతే. 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో సానియా మీర్జాను ఎప్పుడు "సెటిల్" అవుతారని అడిగారు. అప్పటికి ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆమె అక్కడే నిలదీసింది, అడిగినాయన క్షమాపణ చెప్పాడు. మనం జిల్లా స్టేడియంలో "పెళ్లయ్యాక ఆడనిస్తారా?" అని అడిగేది కూడా ఆ ప్రశ్నే. దాని బదులు "24వ నిమిషంలో ఆమె కుడివైపు వస్తుందని ముందే తెలిసిందా?" అని అడగండి. జవాబు చూడండి, వార్త దానంతటదే నిలబడుతుంది.

హెచ్చరిక: స్కూలు పిల్లలైతే పేరు, స్కూలు వరకే. ఊరు, ఇల్లు, ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ ఏదీ వద్దు.

7. ఫోటో, దాని కింద రైటప్

ట్రోఫీ పట్టుకున్న నాయకుల వెనక తలలు మాత్రమే కనిపించే ఫోటో పంపకండి. పట్టు పడిన క్షణం, లేదా రైడర్ చెయ్యి మధ్య గీతను అందుకునే క్షణం ఉన్న ఫోటో ఎంచుకోండి. జెర్సీ నంబరు కనిపిస్తే ఇంకా మంచిది. దుస్తులు చెదిరిన ఫ్రేములు కెమెరాలోంచే తీసేయండి. "డెస్కు చూసుకుంటుంది" అని మాత్రం వదిలేయొద్దు. రాత్రి పదకొండింటికి డెస్కు ఏదీ చూసుకోదు.

రైటప్‌లో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఏం జరుగుతోందో ఒక వాక్యం. "కబడ్డీ ఆడుతున్న యువతులు" అని పెడితే ఆ ఫోటో ఎందుకు వేసినట్టు?

ఇప్పుడు అదే వార్త

ఖాళీ గీతల దగ్గర ఎంట్రీ ఫారం చూసి పేర్లు నింపుకోండి.

> *జిల్లా మహిళల కబడ్డీ*
> దేవరకొండదే టైటిల్
> నల్లగొండ టౌన్: జిల్లా మహిళల కబడ్డీ టైటిల్‌ను దేవరకొండ గెలుచుకుంది. ఆదివారం ఫైనల్లో 31–28తో మిర్యాలగూడను ఓడించింది. సగం ఆటకు 12–17తో వెనకబడిన దేవరకొండ చివరి ఆరు నిమిషాల్లో మ్యాచ్‌ను తిప్పేసింది.
> 24వ నిమిషంలో 20–24 స్కోరు దగ్గర మిర్యాలగూడ కోర్టులో ఒక్క క్రీడాకారిణే మిగిలింది. కూతకు వచ్చిన ఆమెను లెఫ్ట్ కార్నర్ ____ చీలమండ దొరకబుచ్చుకుని ఆపింది. ఆ పట్టుకు ఒకటి, లోనాకు రెండు, మొత్తం మూడు పాయింట్లతో దేవరకొండ 23–24కు చేరింది. తర్వాతి కూతల్లో రైడర్ ____ రెండు బోనస్‌లు సహా నాలుగు పాయింట్లు తేవడంతో జట్టు 27–25తో ముందంజ వేసింది.
> ____ మొత్తం 11 రైడ్ పాయింట్లు సాధించగా, ____ ఐదు పట్లు పట్టింది. మొదటి సగంలో ఎనిమిది పాయింట్లు తెచ్చిన మిర్యాలగూడ రైడర్ ____ రెండో సగంలో నాలుగుసార్లు దొరికిపోయింది. "ఆమె కుడివైపే వస్తుందని సగం ఆటలో గమనించి, కార్నర్‌ను ఒక అడుగు వెనక్కి జరిపాం" అని దేవరకొండ కెప్టెన్ ____ అన్నారు. విజేతలకు ఎమ్మెల్యే ట్రోఫీ అందజేశారు.

ముందటి వార్త కన్నా నాలుగైదు లైన్లు పెరిగింది. స్థలం లేదంటే మూడో పేరా కోయండి, రెండోది కోయకండి. "రెండు బోనస్‌లు" అన్నది కబడ్డీ తెలిసినవాడికి చాలా చెప్తుంది. బోనస్ రావాలంటే ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురుండాలి. లోనా తర్వాత మిర్యాలగూడ ఏడుగురూ మళ్లీ లోపలికి వచ్చారు కాబట్టే ఆ బోనస్‌లు దొరికాయి. ఆమె ఆ అవకాశాన్ని వెంటనే వాడుకుంది. "ఆకట్టుకుంది" అన్న మాట కింద దాగిపోయిన ఆట ఇదే.

పంపేముందు సరిచూసుకోవడం

మొదట తారుమారు చేసి చూడండి. "మహిళల" ఉన్నచోట "పురుషుల" అని పెట్టుకుని వార్తంతా బయటికి చదవండి. "అబ్బాయిలు సైతం కబడ్డీలో అమ్మాయిలకు తీసిపోమని నిరూపించారు" అనేసరికి మీకే నవ్వొస్తుంది. నవ్వొచ్చిన వాక్యం తీసేయండి. ఈ పరీక్షకు ఒక హద్దుంది. కోర్టు కొలత, ఆట సమయం, కాన్పు తర్వాత పునరాగమనం తారుమారు చేస్తే పొసగవు, అయినా అవి తప్పులు కావు. నిజంగా ఉన్న తేడాను చెప్పడం వేరు, తక్కువ చేయడం వేరు.

తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వెతుకు పెట్టెలో "సైతం", "కూడా", "కేవలం", "మాత్రమే", "దీటు", "తీసిపో" కొట్టి చూడండి. దొరికిన ప్రతిదాన్నీ తీసేయక్కర్లేదు. "బోనస్ కూడా తెచ్చింది"లో "కూడా" తప్పు కాదు. ఆడవాళ్లన్న మాటకు అంటుకుని ఉంటేనే తీయండి.

మూడోది పేర్ల లెక్క. వార్తలో ఆడినవాళ్ల పేర్లెన్ని, అతిథుల పేర్లెన్ని? అతిథులవి ఎక్కువైతే మళ్లీ రాయండి. ముందు పెట్టుకున్న పురుషుల ఫైనల్ వార్తలో ఆటగాళ్ల పేర్లు ఐదుంటే ఇక్కడ కూడా దాదాపు అన్ని ఉండాలి.

ఇక "తొలిసారి", "చరిత్రలో మొదటి" అని రాసే ముందు. ఇక్కడ చాలామంది పడిపోతారు. వన్డేల్లో మొదటి డబుల్ సెంచరీ 2010లో సచిన్‌ది అని చేతికొచ్చినట్టు రాసేస్తారు. 1997లోనే ఆస్ట్రేలియా కెప్టెన్ బెలిండా క్లార్క్ డెన్మార్క్‌పై 229 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది, అదీ ముంబైలో. క్రికెట్ ప్రపంచ కప్ మొదట జరిగింది మహిళలకే, 1973లో. పురుషులది 1975. పురుషుల రికార్డు రాసేటప్పుడు కూడా "పురుషుల వన్డేల్లో తొలి" అని రాస్తేనే వాక్యం నిజమవుతుంది. జిల్లా స్థాయిలోనూ అంతే. "జిల్లా నుంచి జాతీయ స్థాయికి ఎంపికైన తొలి క్రీడాకారుడు" అని రాసేముందు, ఆయనకన్నా ముందు ఏ క్రీడాకారిణైనా వెళ్లిందేమో పాత పీడీలను అడగండి.

డెస్కులో మారిస్తే

మీరు సరిగ్గానే పంపారు, పొద్దున చూస్తే "ఆడపులుల పంజా" అని వచ్చింది. ఎక్కువగా స్థలం వల్ల జరుగుతుంది. ఒక కాలమ్‌లో పెద్ద శీర్షిక పట్టదు, అర్ధరాత్రి సబ్ ఎడిటర్‌కు తోచింది పెట్టేస్తాడు. అందుకని కాపీ పైనే రెండు శీర్షికలు రాసి పంపండి. రెండు కాలమ్‌లకు "దేవరకొండదే టైటిల్", ఒక కాలమ్‌కు "విజేత దేవరకొండ". స్కోరు పట్టే చోటుంటే "31–28తో దేవరకొండ గెలుపు". వాట్సాప్‌లో కాపీ పంపాక "పేర్లు ఎంట్రీ ఫారంతో సరిచూశాను, కోయాలంటే మూడో పేరా" అని ఒక లైన్ చేర్చండి. సబ్ ఎడిటర్ ఆ లైన్ చదువుతాడు, ఎందుకంటే అతని పని తగ్గుతుంది.

పేరు తప్పుగా అచ్చైతే మరుసటి రోజు సవరణ అడగండి. ఆడినామెకు మీరే ఫోన్ చేసి సరైన పేరు రాయించుకోండి, పీడీ ద్వారా కాదు. ఒకసారి సరిచేసుకున్న పేర్లను ఫోన్‌లో జట్టువారీగా దాచుకుంటే రాష్ట్ర స్థాయి పోటీలప్పుడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.